గుమ్మం, దారం, బ్రాకెట్లు: జపనీస్ షేరింగ్ స్క్రీన్‌షాట్ చదవడం

(హైదరాబాద్‌లో జపాన్ ప్రాజెక్టుల్లో కొత్తగా చేరిన కోఆర్డినేటర్ల కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నాకు జపనీస్ పెద్దగా రాదు, ముందే చెప్పేస్తున్నాను. మెయిల్‌లో పలకరింపులు, తేదీలు, "సరే", "కాదు" వరకు నెట్టుకొస్తాను. ఇవాళ్టి విషయం, గూగుల్ డ్రైవ్ షేరింగ్ బాక్స్ జపనీస్‌లో ఉన్నప్పుడు లింకుకి ఏ హక్కు ఇచ్చారో గుర్తుపట్టడం. దానికి అంత కూడా అక్కర్లేదు. మూడు పదాలు చూసి గుర్తుపడితే చాలు. ఆ మూడు పదాల్ని గుర్తుపట్టలేక నేను ఎలా ఇరుక్కున్నానో ముందు చెప్తాను.

ఒక ప్రాజెక్టులో టెస్ట్ కేసుల షీటు క్లయింట్ వాళ్ల గూగుల్ డ్రైవ్‌లో ఉండేది. 214 వరసలు. మన వైపు ఆరుగురు టెస్టర్లు దాన్ని తెరిచి, అనుమానం ఉన్నచోట కామెంట్ పెట్టాలి. సెల్స్ మాత్రం ముట్టుకోకూడదు. ఒక సాయంత్రం ఏడింటికి, అంటే అక్కడ రాత్రి పదిన్నరకి, క్లయింట్ మేనేజర్ గారు చాట్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపి, "ఈ సెట్టింగ్ సరిపోతుందా?" అని అడిగారు. షేరింగ్ బాక్స్ మొత్తం జపనీస్‌లో ఉంది. కింది వరసలో కుడివైపు 閲覧者 అని ఉంది. అంతకుముందు ప్రాజెక్టులో కామెంట్ లింకు కూడా ఇలాగే మొదలైనట్టు నాకు లీలగా గుర్తు. "సరిపోతుందండీ" అని రాసి ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు తొమ్మిదిన్నరకి మా టెస్టర్ ఒకమ్మాయి వచ్చి, "అక్కా, కామెంట్ ఆప్షనే రావట్లేదు" అంది. నేను వెళ్లి చూసేలోపే ఆరుగురూ ఎడిట్ యాక్సెస్ అడిగే బటన్ నొక్కేశారు. అటు మేనేజర్ గారికి ఆరు మెయిళ్లు వెళ్లాయి. ఆయన పాపం కంగారుపడి లింకునే ఎడిట్‌కి మార్చేశారు. సాయంత్రానికి ఎవరో ఒక కాలమ్ మాత్రమే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టారు. టెస్ట్ నంబర్లు ఒక వరసలో, వాటి ఫలితాలు ఇంకో వరసలో. వెర్షన్ హిస్టరీలో మధ్యాహ్నం కాపీ దొరికింది కాబట్టి బతికిపోయాం. కానీ ఆ మధ్యలో పెట్టిన పని అంతా మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, జపనీస్ గూగుల్ డ్రైవ్‌లో "చూడటానికి మాత్రమే" అనేదీ "కామెంట్ పెట్టొచ్చు" అనేదీ ఒకే పదంతో మొదలవుతాయి. ఇంగ్లీషులో చూసేవాడు, కామెంట్ పెట్టేవాడు, ఎడిట్ చేసేవాడు అనే మూడు పాత్రలకి మూడు వేర్వేరు పదాలు ఉన్నాయి కాబట్టి ఈ ఇబ్బంది లేదు. జపనీస్‌లో కామెంట్ పెట్టేవాడికి విడిగా ఒక పేరు పెట్టలేదు. "చూసేవాడు" అని రాసి, పక్కన బ్రాకెట్లో "కామెంట్ కూడా పెట్టొచ్చు" అని చేర్చారు. మూడింటినీ ఇక్కడ పక్కపక్కన పెడతాను, చూడండి.

```
閲覧者
閲覧者（コメント可）
編集者
```

మొదటిది ఎత్సురాన్‌షా, చూసేవాడు. రెండోదీ అదే ఎత్సురాన్‌షా, కానీ బ్రాకెట్లో "కొమెంతో కా" అని ఉంది. కొమెంతో అంటే మన కామెంటే, కా అంటే అనుమతి ఉందని. మూడోది హెన్‌షూషా, మార్చేవాడు. డ్రాప్‌డౌన్‌లో పైనుంచి కిందికి ఇదే క్రమంలో వస్తాయి: పైన తక్కువ అధికారం, కింద ఎక్కువ.

ఇప్పుడు వీటిని ఎలా గుర్తుపెట్టుకోవాలో చెప్తాను. మూడింటిలోనూ 者 ఉంది. "ఫలానా పని చేసే మనిషి" అని దాని అర్థం, మన "వాడు", "కర్త" లాంటిది. మూడు చోట్లా ఉంది కాబట్టి మనకి పనికిరాదు, దాన్ని వదిలేయండి. దానికి ముందున్న రెండు అక్షరాలు చూడండి.

閲 అనే అక్షరానికి చుట్టూ ఒక ఫ్రేమ్ ఉంది కదా, రెండు తలుపు రెక్కల్లా? అది నిజంగానే తలుపు. 門 అంటే ద్వారం. గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూస్తున్నట్టు ఊహించుకోండి. దాని పక్కనున్న 覧 అడుగున 見 ఉంది, "చూడటం" అని అర్థం. గుమ్మం కనిపిస్తే చూడటం.

編 ఎడమవైపు సన్నగా ఉన్న భాగం 糸, అంటే దారం. ఈ అక్షరానికి అల్లడం అనే అర్థం ఉంది. పుస్తకం విషయంలో మనం "కూర్పు" అంటామే, దాదాపు అలాంటి భావం. పక్కనున్న 集 ఇంకా అందంగా ఉంటుంది. కింద 木, చెట్టు. దాని మీద 隹, పిట్ట. చెట్టు మీద పిట్టలు చేరినట్టు, అన్నీ ఒకచోట పోగుచేయడం. దారం, చెట్టు మీద పిట్ట కనిపిస్తే ఎడిట్. ఈ బొమ్మలు ఒకసారి మనసులో పడ్డాక మసకగా ఉన్న ఫోన్ స్క్రీన్‌షాట్‌లో కూడా 閲, 編 కలిసిపోవు. ఒకదానికి చుట్టూ చట్రం ఉంటుంది, ఇంకోదానికి ఎడమ పక్క దారం వేలాడుతుంది.

కామెంట్ సంగతి ఇంకా తేలిక. మూడింటిలో బ్రాకెట్లు ఉన్నది అదొక్కటే. కానీ ఇక్కడే ఒక చిక్కుంది. స్క్రీన్‌షాట్ కుడి అంచు కత్తిరించి ఉంటే 閲覧者 దాకానే కనిపించి, బ్రాకెట్ బయట ఉండిపోవచ్చు. అప్పుడు కామెంట్ లింకు కూడా చూసే లింకులాగే కనిపిస్తుంది. అందుకని 閲覧者 తర్వాత కిందికి చూసే చిన్న బాణం గుర్తు కనిపిస్తోందా అని వెతకండి. పదానికి ఆనుకుని బాణం ఉంటే పదం అక్కడితో అయిపోయినట్టు, అది చూసే లింకే. బాణం కనపడకుండా బొమ్మ తెగిపోతే ఏమీ తేల్చకండి, పూర్తి బొమ్మ అడగండి. ఆ రోజు నేను బాణం చూసి ఉంటే ఆ ఆరు మెయిళ్లు వెళ్లేవి కావు.

సరే, పదం చదవడం వచ్చింది. కానీ ఏ వరసలో ఉన్న పదం చదవాలి? స్క్రీన్‌షాట్‌లో 編集者 కనిపించగానే "అయ్యో, ఎడిట్ ఇచ్చేశారు" అని కంగారుపడినవాళ్లని చూశాను. ఆ బాక్స్‌లో ఇవే పదాలు రెండు మూడు చోట్ల ఉండొచ్చు.

పైనుంచి వద్దాం. అన్నిటికంటే పైన ఫైలు పేరు, దాని కింద మనుషుల్ని చేర్చే గడి. ఆ తర్వాత అప్పటికే యాక్సెస్ ఉన్నవాళ్ల జాబితా, ఒక్కొక్కరి పక్కన వాళ్ల పాత్ర. ఫైలు సొంతదారు పక్కన オーナー అని ఉంటుంది, ఓనర్ అనే మాటే. ఈ జాబితాలో ఎవరి పక్కనైనా 編集者 ఉంటే అది ఆ మనిషికి విడిగా ఇచ్చిన హక్కు. లింకుకి సంబంధం లేదు.

లింకు సంగతి దాని కింద ఉంటుంది. 一般的なアクセス అనే చిన్న శీర్షిక కింద ఒకే ఒక్క వరస. ఎడమవైపు గుండ్రటి గుర్తు, పక్కన లింకు ఎవరికి పనిచేస్తుందో చెప్పే మాట, కుడి చివర పాత్ర. ఆ వరసలో ముందు ఎడమవైపే చదవండి. 制限付き అని ఉండి తాళం గుర్తు ఉంటే లింకు అందరికీ పనిచేయదు. పైన జాబితాలో పేరున్నవాళ్లకే తెరుచుకుంటుంది. అప్పుడు కుడివైపు పాత్ర కూడా ఉండదు. リンクを知っている全員 అని ఉండి భూగోళం గుర్తు ఉంటే, లింకు తెలిసిన ఎవరికైనా పనిచేస్తుంది. కుడివైపున్న పాత్రే ఆ "ఎవరికైనా" దక్కే అధికారం. కంపెనీ ఖాతా అయితే మధ్యలో మూడోది ఒకటి ఉంటుంది, కంపెనీ పేరు. అంటే లింకు వాళ్ల కంపెనీ ఖాతాలకే పనిచేస్తుంది. మనం ఎంత కొట్టుకున్నా తెరుచుకోదు. పాత్ర ఎంత చక్కగా 編集者 అని ఉన్నా మనకి లాభం లేదు.

ఇప్పుడు ఎక్కువమందిని ముంచే స్క్రీన్ గురించి. పై గడిలో ఎవరి మెయిల్ ఐడీనైనా టైప్ చేయగానే బాక్స్ రూపం మారిపోతుంది. లింకు వరస మాయమై, మెయిల్ ఐడీ పక్కన ఒక పాత్ర, కింద సందేశం రాసుకునే చోటు, కింది మూల నీలం బటన్ మీద 送信 అని వస్తాయి. సోషిన్, పంపు అని. ఆ పాత్ర చేర్చబోతున్న మనిషిది, లింకుది కాదు. పైగా మామూలుగా అక్కడ మొదటే 編集者 ఎంచుకుని ఉంటుంది. అదే లింకుని అందరికీ తెరిచినప్పుడైతే మొదట వచ్చేది 閲覧者. ఒకే బాక్స్‌లో రెండు చోట్ల రెండు రకాల మొదలు. కాబట్టి కింద బటన్ చూడండి. 送信 ఉంటే ఇంకా ఏమీ జరగలేదు, ఎవరినో చేర్చబోతున్నారు. 完了 ఉంటే, అంటే "అయింది", లింకు వరస చూపించే మామూలు స్క్రీన్ అది. లింకు పాత్ర మార్చగానే అమల్లోకి వచ్చేస్తుంది, 完了 నొక్కేదాకా ఆగదు. స్క్రీన్‌షాట్ తీసేసరికే ఆ మార్పు జరిగిపోయిందన్నమాట.

ఇంకో రకం స్క్రీన్‌షాట్‌లో డ్రాప్‌డౌన్ తెరిచే ఉంటుంది, మూడు పదాలూ వరసగా కనిపిస్తాయి. అప్పుడు టిక్ గుర్తు దేని పక్కన ఉందో చూడండి, ఎంచుకున్నది అదే. ఏదో ఒక వరస బూడిద రంగులో మెరుస్తుంటే అది మౌస్ అక్కడ ఉండటం వల్ల. రంగుని చూసి నిర్ణయించకండి.

ఒకసారి మన వాళ్లలో ఒకతను, "స్క్రీన్‌షాట్ ఎందుకు మేడమ్, లింకులోనే edit అని ఉంది కదా, అది ఎడిట్ లింకే" అన్నాడు. బాగుంది, కానీ తప్పు. గూగుల్ షీట్ లింకు ఇలా ఉంటుంది.

```
https://docs.google.com/spreadsheets/d/.../edit?usp=sharing
```

చూడటానికి మాత్రమే ఇచ్చినా చివర edit అనే ఉంటుంది. పీడీఎఫ్ లాంటి ఫైలుకి డ్రైవ్ ఇచ్చే లింకులో, ఎడిట్ హక్కు ఇచ్చినా view అని ఉంటుంది. అది ఏ స్క్రీన్ తెరవాలో చెప్పే మాట, హక్కు గురించి కాదు. గూగుల్‌లో ఒక ఫైలుకి లింకు ఒక్కటే. హక్కు లింకులో ఉండదు, వాళ్ల సర్వర్ దగ్గర ఉంటుంది. పాత్ర మారిస్తే పాత మెయిల్లో ఉన్న లింకు కూడా అదే క్షణం నుంచి కొత్త హక్కుతో పనిచేస్తుంది. మా షీటు విషయంలో జరిగింది ఇదే. మేనేజర్ గారు కొత్త లింకేమీ పంపలేదు. నిన్నటి లింకే ఇవాళ ఎడిట్ లింకు అయిపోయింది.

వన్‌డ్రైవ్ వాడే క్లయింట్ దగ్గరికి వెళ్తే ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ చూసే లింకు వేరు, ఎడిట్ లింకు వేరు. కొత్త సెట్టింగ్‌తో లింకు కాపీ చేసుకున్నంత మాత్రాన, ముందు ఎవరికో వెళ్లిన ఎడిట్ లింకు చావదు. దాన్ని విడిగా తీసేయాలి. అక్కడి స్క్రీన్‌షాట్ ఆ ఒక్క లింకు గురించే చెప్తుంది, ఫైలు మొత్తం గురించి కాదు.

లింకు చేతిలో ఉంటే మటుకు స్క్రీన్‌షాట్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. డ్రైవ్ మెనూలు చూసేవాళ్ల భాషలో వస్తాయి, పంపినవాళ్ల భాషలో కాదు. జపాన్ నుంచి వచ్చిన లింకే మన దగ్గర ఇంగ్లీషు మెనూలతో తెరుచుకుంటుంది. కాకపోతే మన ఆఫీసు ఖాతాతో తెరవకండి. మనకి ఆ ఫైలు మీద విడిగా ఎడిట్ హక్కు ఉంటే, లింకు చూసేది అయినా మనకి ఎడిట్ కనిపిస్తుంది. రెండు హక్కులుంటే పెద్దదే నెగ్గుతుంది. ఇన్‌కాగ్నిటో విండోలో, లాగిన్ అవకుండా తెరవండి. చూసే లింకు అయితే పైన View only అని కనిపిస్తుంది, బ్రౌజర్ జపనీస్‌లో ఉంటే 閲覧のみ. మళ్లీ అదే గుమ్మం. లాగిన్ పేజీకి తోసేస్తే లింకు అందరికీ తెరిచి లేదన్నమాట, 制限付き గానీ కంపెనీ వరకే గానీ ఉంది.

కానీ కోఆర్డినేటర్‌కి చాలాసార్లు లింకు ముందు రాదు, స్క్రీన్‌షాటే వస్తుంది. "పంపేముందు ఒకసారి చూడండి" అని అడుగుతారు. అందుకే ఇంతసేపు చెప్పాల్సి వచ్చింది.

వెనక ఎవరో చెయ్యెత్తారు. "మేడమ్, ఈ గుమ్మం, దారం చైనీస్ క్లయింట్‌కి కూడా పనికొస్తాయా?" అని అడుగుతున్నారు. సగం పనికొస్తాయి. తైవాన్ గూగుల్‌లో ఎడిట్ 編輯者. అదే దారం, కాబట్టి పట్టుకోవచ్చు. కానీ చూసేవాడు 檢視者, అందులో గుమ్మం లేదు. కామెంట్ 加註者, బ్రాకెట్లు లేవు. మూడూ మూడేసి అక్షరాలు. కొరియన్‌లో చూసేవాడు 뷰어, రెండే అక్షరాలు, ఇంగ్లీషు వ్యూయర్ అనే మాటే. కామెంట్ 댓글 작성자, మధ్యలో ఖాళీ ఉంటుంది. ఎడిట్ 편집자. జర్మన్ అయితే మనకి తెలిసిన ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది: Betrachter, Kommentator, Mitbearbeiter. మధ్యది చూడగానే తెలిసిపోతుంది. భాష ఏదైనా గూగుల్ మెనూలో క్రమం మారదు: చూడటం, కామెంట్, ఎడిట్. అందుకే భాష అస్సలు రాకపోతే నేను డ్రాప్‌డౌన్ తెరిచి, టిక్ కనిపించేలా ఇంకో స్క్రీన్‌షాట్ పంపమంటాను. టిక్ ఎన్నో వరసలో ఉందో లెక్కపెడితే తేలిపోతుంది.

ఇంకో ప్రశ్న. "చూడటానికి మాత్రమే ఇస్తే డౌన్‌లోడ్ కూడా కుదరదు కదా?" కుదురుతుంది. మామూలుగా చూసేవాళ్లు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ అన్నీ చేసుకోగలరు. అది ఆపాలంటే బాక్స్ పై మూలన ఉన్న గేర్ గుర్తు లోపల విడిగా సెట్టింగ్ ఉంది. క్లయింట్ "చూడటానికే ఇచ్చాం, బయటికి పోదు" అనుకుంటుంటే ఆ మాట వాళ్లకి చెప్పడం మన పనే. ఆ గేర్ పేజీ స్క్రీన్‌షాట్ వస్తే మాత్రం జాగ్రత్త. అక్కడి వాక్యాల్లో చూసేవాళ్లు, కామెంట్ చేసేవాళ్లు, ఎడిట్ చేసేవాళ్లు అందరి పేర్లూ ఉంటాయి. అవి ఎవరెవరికి ఏం కుదురుతుందో చెప్పే నియమాలు. మన లింకు పాత్ర అక్కడ కనిపించదు.

చివరగా, ఆ ఆరు మెయిళ్ల తర్వాత నేను ఎలా జవాబు ఇస్తున్నానో చెప్తాను. స్క్రీన్‌షాట్ చూసి "సరే", "కాదు" అనడం మానేశాను. ఏది కావాలో వాళ్ల స్క్రీన్ మీదున్న మాటల్లోనే పంపుతాను. కామెంట్ కావాలంటే ఇలా.

```
「リンクを知っている全員」
「閲覧者（コメント可）」でお願いします。
```

"లింకు తెలిసిన అందరికీ, కామెంట్ కుదిరేలా చూసేవాడిగా పెట్టండి, దయచేసి" అని. ఫోన్‌లో నోట్స్‌లో ఈ రెండు వరసలూ దాచుకున్నాను, కాపీ చేసి పంపడమే. వాళ్లు తమ బాక్స్‌లో కనిపించే పదంతో పోల్చుకుంటారు. బ్రాకెట్లు ఉన్నాయా లేవా అన్నది వాళ్లే చూసుకుంటారు.